కుడి అంటే ఏ చెయ్యి

"తెలుగులో చెప్పనమ్మా. తెలుగులో చెబితే లేసు పాడైపోతోంది."

మా చిన్నది ఈ మాట అన్నది విశాఖలో, ఎంవీపీ కాలనీలో మా అమ్మ ఇంటి హాల్లో, ఆగస్టు ఉక్కపోతలో. దానికి పదకొండేళ్లు. అన్నది ఇంగ్లీషులోనే అనుకోండి, నేను తెలుగులో రాస్తున్నాను. అదీ నా వరస.

సంగతి మొదటినుంచీ చెప్పాలి. మేముండే ఇంగ్లండు ఊళ్లో శనివారం పొద్దున్న కొందరు పెద్దావిడలు కూడి బాబిన్ లేసు అల్లుతారు. సరిగ్గా అదే వేళకి ఆన్‌లైన్ తెలుగు క్లాసు. ఏడాదిగా మా ఇంట్లో శనివారం అంటే తగువే. "ఒత్తులు రాయడం రాదు గానీ దిండు మీద దారాలు అల్లుతావా" అని నేను, "అక్కడ నన్నెవరూ అరవరు" అని అది. చివరికి ఒక రాజీ చేశాను, చాలా తెలివైన రాజీ అనుకున్నాను: సెలవులకి వెళ్లినప్పుడు ఆ లేసు అమ్మమ్మకి నేర్పాలి. అయితే ఒక్క ఇంగ్లీషు ముక్క లేకుండా నేర్పాలి.

మా అమ్మ నర్సాపురం ఆడపడుచు. చిన్నప్పటినుంచీ కొక్కెంతో లేసు అల్లిన చెయ్యి. కొక్కెం లేసుకి ఒకటే దారం, ఒకటే సూది. దీనికి కొక్కెం ఉండదు. దారాలన్నీ చిన్న చిన్న కర్రపుల్లలకి చుట్టి ఉంటాయి, వాటినే బాబిన్లంటారు. దిండుకి గుచ్చిన పిన్నులనుంచి అవి వేలాడుతుంటాయి. "ఇదేటే, ఇన్ని పుల్లలా" అంది అమ్మ, పద్నాలుగూ చూసి.

పద్నాలుగంటే ఏడు జతలు. ఒకే దారం తీసుకుని రెండు కొసలూ రెండు బాబిన్లకి చుడితే అది ఒక జత. నడుమ ముడి ఉండదు, దారం మధ్య భాగం పిన్ను మీదనుంచి వేలాడుతుంది. బాబిన్ మెడ దగ్గర దారాన్ని ఒక మెలిక తిప్పి బిగిస్తే తనంతట తాను ఊడిరాదు. పిల్ల దగ్గర ఎనిమిది బాబిన్లే ఉన్నాయి, మిగతావి ఏటికొప్పాకలో చేయించాం. అంకుడు కర్రతో, లక్కరంగుతో బొమ్మలు చేసే ఊరు, అక్కడివాళ్లకి సన్నటి పుల్లలు తిప్పడం ఒక పనా? కాకపోతే మొదటి విడత మెడదాకా లక్క మెరుపు పెట్టి ఇచ్చారు. ఆ నునుపు మీద మెలిక నిలవక దారం జారిపోయేది. రెండోసారి మెడ మాత్రం లక్క లేకుండా వదిలెయ్యమన్నాం. అడుగున పూసలు మేమే కట్టుకున్నాం. పూసలు లేకపోతే గుండ్రటి పుల్ల దిండు మీద దొర్లుతుంది, దొర్లిన ప్రతిసారీ దారం మెలి మారిపోతుంది.

పిన్నులు అమ్మ కుట్టుడబ్బాలోవి వాడాం, అదొక తప్పు. సముద్రగాలికి రెండ్రోజుల్లో తుప్పెక్కి తెల్లదారం మీద గోధుమరంగు చుక్కలు పడ్డాయి. ఇత్తడివో స్టెయిన్‌లెస్ స్టీలువో కొనండి, విశాఖలో మరీను.

అల్లికలో కదలికలు రెండే. ఇంగ్లీషులో క్రాస్, ట్విస్ట్. అమ్మ వాటికి "దాటు", "మెలి" అని పేర్లు పెట్టింది. రెండు జతలు పక్కపక్కన పెడితే నాలుగు దారాలు. ఎడమనుంచి ఒకటి, రెండు, మూడు, నాలుగు. దాటు అంటే మధ్యలోవి రెండూ మారడం, రెండోది మూడోదాని మీదుగా, అంటే ఎడమది కుడిదాని మీదుగా. మెలి అంటే ప్రతి జతా తనలో తాను మారడం, రెండోది ఒకటోదాని మీదుగా, నాలుగోది మూడోదాని మీదుగా. ఇక్కడ కుడిది ఎడమదాని మీదుగా వెళ్తుంది. ఈ లెక్క దారానిది కాదు, చోటుది. ఒక కదలిక అయ్యాక మళ్లీ ఎడమనుంచి కొత్తగా ఒకటి, రెండు అని లెక్కపెట్టుకోవాలి.

దాటు, మెలి, దాటు. ఈ మూడూ కలిస్తే ఒక కుట్టు. కుట్టు పూర్తయ్యేసరికి ఎడమజత కుడికీ, కుడిజత ఎడమకీ వస్తాయి, దారాలు ఒకదాన్నొకటి పైనా కిందా దాటుకుని నేతగుడ్డలా కూర్చుంటాయి. ఏడు జతల్లో ఆరు నిలువుగా ఉండిపోతాయి, ఒకటి అటూ ఇటూ నడుస్తుంది. "పడుగూ పేకా అన్నమాట" అని అమ్మ టక్కున పట్టేసింది. నిజానికి ఈ అల్లికలో పిల్ల నేర్చుకున్న పాత తెలుగు మాటలు ఆ రెండే. పేకజత తేలిగ్గా కనపడాలని దానికి ఎర్రదారం చుట్టాం.

పేక ఆరు పడుగుజతల్నీ ఒక్కొక్కటే దాటి అంచుకి చేరాక, దానికీ చివరి పడుగుకీ మధ్య ఒక పిన్ను గుచ్చాలి. కొంచెం బయటికీ వెనక్కీ వాలేలా గుచ్చితే దారం పైకి ఎగదన్నదు. ఎర్రజతకి రెండు మెలులు తిప్పి, పిన్ను చుట్టూ తిరిగి వెనక్కి నడిపించాలి. మా పట్టీ వెడల్పు సెంటీమీటరు పైచిలుకు. పిన్నులు గుచ్చడానికి దిండు మీద పరిచిన అట్టకి ఒక్కో అంచున అయిదు మిల్లీమీటర్లకో చిల్లు, రెండో అంచు చిల్లులు వాటి నడుమ పడేలా. దారం ఇరవై నంబరు క్రోషే దారం.

ఇక తప్పు జరిగిన తీరు.

దాటు పిల్ల చేత్తో చూపించింది. మెలి చెప్పే సమయానికి అది ఊయల బల్ల మీద జంతికలు తింటోంది. అక్కణ్ణుంచే అరిచింది, "ఎడమది కుడిదాని మీద, అమ్మమ్మా." నేను పక్కనే ఉన్నాను. అది తెలుగులో ఒక పూర్తి వాక్యం చెప్పిందన్న ఆనందంలో వాక్యం సరైనదో కాదో వినలేదు.

అమ్మ అలాగే చేసింది. దాటు ఎడమది మీదుగా, మెలీ ఎడమది మీదుగా. నాలుగు సెంటీమీటర్లు అల్లింది. చూడటానికి బాగుంది. ఒక వరస నిండా ఎరుపు, తర్వాతి వరస నిండా తెలుపు, చారలు చారలుగా. నేను ఫోటో తీసి బంధువుల గ్రూపులో పెట్టి "అమ్మమ్మ కొత్త డిజైన్" అని కూడా రాశాను. పద్దెనిమిది మంది చప్పట్ల బొమ్మలు పెట్టారు.

ఆ చారలే తప్పుకి గుర్తు. సరిగ్గా అల్లితే ఎర్రదారం చాపలో పుల్లలా ఒకదాని మీదుగా ఒకదాని కిందుగా పోతుంది, ఎరుపూ తెలుపూ గళ్లుగళ్లుగా కనిపిస్తాయి. మెలి తిరగబడితే ఏమవుతుందో మర్నాడు కాగితం మీద గీసుకుంటే అర్థమైంది. కుడివైపు వెళ్లేటప్పుడు పేక పడుగులన్నిటికీ పైనే ఉండిపోతుంది, ఎడమకి వచ్చేటప్పుడు అన్నిటికీ కిందే. ఎక్కడా ఇరుక్కోదు. కట్టెలమోపుకి తాడు చుట్టినట్టు పన్నెండు దారాల చుట్టూ తిరుగుతుంది, అంతే. పిన్నులున్నంతసేపూ పట్టీలా నటిస్తుంది. అమ్మకి పిన్నులు చాలక, అల్లిక పైభాగంలోవి నాలుగు పీకి ఎర్రజతని కొంచెం బిగించింది. సెంటీమీటరు పట్టీ ఆ పైభాగంలో మొలతాడులా ముడుచుకుపోయింది.

ఇందులో ఒక చమత్కారం ఉంది. దాటు, మెలి రెండూ తిరగేసి ఉంటే ఏమీ అయ్యేది కాదు, అద్దంలో చూసినట్టు మంచి గుడ్డే వచ్చేది. సగం సరిగ్గా, సగం తిరగేసి చేశాం కాబట్టే పాడైంది. ఇది రాస్తుంటే మా పెంపకం మీద ఒక పోలిక మనసులోకి వచ్చింది. పిల్లతో అంటే "అమ్మా, ఇట్స్ జస్ట్ త్రెడ్" అంది. అందుకని రాయను.

పిల్లకి కుడీ ఎడమా ఎందుకు తారుమారయ్యాయి? దానిది ఎడమచేతివాటం. "కుడి చేత్తో తినాలి" అనే మాట అది విన్నది ఇక్కడికి వచ్చినప్పుడు, అమ్మమ్మ నోట. కుడి అంటే తినే చెయ్యి అనుకుంది. తను తినేది ఎడమతో. మా ఇంట్లో దాన్ని ఎవరూ దిద్దలేదు, ఎందుకంటే ఇంట్లో మేం లెఫ్ట్, రైట్ అనే అంటాం. నేనూ అంతే. కారులో దారి చెప్పేటప్పుడు "ఎడమకి తిప్పండి" అని నేను ఏనాడూ అనలేదు. మరి పిల్లమీద ఆ షరతు ఎందుకు పెట్టానంటే, అమ్మ ముందు తల దించుకోవాల్సి వస్తుందని. పిల్లకి తెలుగు రావడం కన్నా, వచ్చినట్టు అమ్మకి కనిపించడం నాకు ఎక్కువైంది.

అమ్మకి విషయం చెబితే ముందు నవ్వింది, తర్వాత నన్ను తిట్టింది. "లెఫ్టు రైటు నాకు తెలీవనుకున్నావేటే? ఆటోవాడికి ఇసుకతోట దగ్గర రోజూ రైటు కొట్టమని ఎవరు చెబుతున్నారు?"

ఆ రోజునుంచి ఇద్దరూ వాళ్లకి నచ్చిన భాషలో మాట్లాడుకున్నారు. "దాటు, లెఫ్టు మీద. మెలి, రైటు మీద." నేను వంటింట్లో ఉన్నాను, షరతు ఎత్తేసినట్టు నోటితో చెప్పకుండా.

రెండో పట్టీలోనూ తప్పు పడింది గానీ అది మామూలు తప్పు. తొమ్మిదో వరసలో మెలి మరిచిపోయి దాటు మీద దాటు వేసింది అమ్మ. అప్పుడు జతలు చోటు మారవు, ఎర్రజత పడుగు మధ్యలో ఆగిపోయి తెల్లజత ఒకటి పేకలా నడవడం మొదలెడుతుంది. రంగు వేరుగా ఉండబట్టి వెంటనే కనిపించింది. పిల్ల విప్పడం చూపించింది. ముందు చివరి పిన్ను తీసి, మెలులు వదిలించి, చేసినవాటిని వెనకనుంచి ఒక్కొక్కటే తిప్పుతూ రావాలి. విప్పేటప్పుడు చేతులు తారుమారు అవుతాయి, దాటుకి కుడిది మీదుగా, మెలికి ఎడమది మీదుగా. అమ్మ ఆ నాలుగు కుట్లూ విప్పడానికి ముప్పావుగంట తీసుకుంది. పిల్ల ఒక్కసారి కూడా విసుక్కోలేదు. నేను దాని హోంవర్కు దగ్గర పది నిమిషాలు కూర్చోలేను.

మొలతాడైన మొదటి పట్టీని విప్పుదామంటే అమ్మ ఒప్పుకోలేదు. తాళంచెవుల గుత్తికి కట్టుకుంది.

వచ్చేశాం. శనివారం మళ్లీ వచ్చింది, తొమ్మిదిన్నర. తెలుగు క్లాసు లింకు ఫోన్లో తెరిచి ఉంది. మెట్లకింద పిల్ల బూట్లు వేసుకుంటోంది, ఒక చేతిలో దిండు. "అమ్మా, కుడి అంటే రైటేగా?" అని అడిగింది. అవునన్నాను. "అయితే కుడి బూటు కనపడట్లేదు" అంది. నేను ఫోన్ అక్కడే పెట్టి బూటు వెతకడానికి దిగాను.