బుకీ రేటు ఎలా కడతాడు: ట్రేడింగ్ డెస్క్‌లో నా అనుభవం

మా బామ్మర్దిది మిర్యాలగూడ. ఐపీఎల్ వచ్చిందంటే వాడి దగ్గర ఒక సిద్ధాంతం ఉంటుంది: "రెండు దిక్కుల పైసలు సమానం చేసేటందుకే గదా బావా బుకీ రేటు మారుస్తడు, అందుకే జనం ఎటు పెడ్తున్నరో చూసి దానికి ఉల్టా పెట్టాలె." ఇట్ల నమ్మేవాళ్లు మన నల్లగొండ జిల్లాలోనే కాదు, ఇంగ్లండ్‌లోనూ చాలామంది ఉన్నారు. నేను అక్కడ ఎమ్మెస్సీ చేశాక కొంతకాలం ఒక బెట్టింగ్ కంపెనీలో క్రికెట్ మ్యాచ్‌లకు రేట్లు కట్టే పని చేశాను. అక్కడ అది లైసెన్సు ఉన్న వ్యాపారం. మన దగ్గర ఆన్‌లైన్ పందేలను 2017లోనే రాష్ట్ర చట్టం నిషేధించింది, 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది. అందుకని ఇది ఎట్ల ఆడాలో చెప్పడానికి కాదు, అవతలి కుర్చీలో కూర్చున్నవాడు ఏం చూస్తాడో చెప్పడానికి రాస్తున్నాను.

ఒక కౌంటీ టీ20 మ్యాచ్ తీసుకుందాం. ఓపెనింగ్ రేటు కట్టాలంటే ముందు గెలుపు అవకాశం లెక్క కావాలి. జట్ల రేటింగ్‌లు, మైదానం, ఎవరు ఆడతారన్న అంచనా అన్నీ మోడల్‌లో వేస్తే సొంత మైదానం జట్టుకు 54 శాతం, బయటి జట్టుకు 46 శాతం వచ్చిందనుకోండి. లాభం ఏమీ చూసుకోకపోతే రేట్లు 1.85, 2.17 దగ్గర ఉండాలి, అంటే రూపాయి పెడితే అసలుతో కలిపి వచ్చేది అంత. కంపెనీ ఊరికే పని చెయ్యదు కాబట్టి ఒక్కో అవకాశాన్ని 5 శాతం పెంచి, దాన్నిబట్టి రేటు తగ్గించి 1.76, 2.07 అని బోర్డు మీద పెడతాం. ఆ 5 శాతమే మార్జిన్. మీరు ఏ జట్టు మీద పెట్టినా, మా అంచనా సరైనదైతే, దాదాపు ఆ మేరకు నష్టంతోనే మొదలుపెడుతున్నారు.

కానీ మా అంచనా సరైనదో కాదో ఆ పూటకు మాకూ తెలియదు, అందుకే మొదట్లో లిమిట్ చిన్నగా ఉంటుంది, కొన్ని వందల పౌండ్లు దాటనివ్వరు. ఆ చిన్న లిమిట్‌తో కంపెనీ కొనేది సమాచారం. మేం తెరిచిన కాసేపటికే ఒక ఖాతా నుంచి బయటి జట్టు మీద 2.07 దగ్గర 300 పౌండ్లు వచ్చాయి. మా హెడ్ ట్రేడర్ ఆ ఖాతా పేరు చూడగానే, కారణమేంటని కూడా అడగకుండా, రేటు 1.98కి దించమన్నాడు. అవతలి జట్టుది 1.84 అయింది. ఆ ఖాతావాడు గతంలో పెట్టిన పందేలు చూస్తే ఎప్పుడూ రేటు పడకముందే పట్టుకున్నవే. చౌటుప్పల్ దిక్కు రీజనల్ రింగ్ రోడ్ ఎటు నుంచి పోతదో తెలిసిన మనిషి ఒక్క ఎకరం అడిగినా ఆ ఊళ్లో ధర కదులుతుంది, ఏమీ తెలియని చుట్టాలు పదిమంది అడిగినా కదలదు, ఇదీ అంతే. సాయంత్రానికి సొంత జట్టు ప్రధాన ఫాస్ట్ బౌలర్ ఆడటం లేదని వార్త వచ్చింది, రేట్లు బయటి జట్టుకు 1.88, సొంత జట్టుకు 1.92 దగ్గర నిలబడ్డాయి.

ఇక మ్యాచ్ రోజు మామూలు జనం వచ్చారు. పేరున్న జట్టు, టీవీలో మ్యాచ్, కాబట్టి డబ్బంతా సొంత జట్టు మీదే. లెక్క తేలికగా ఉండాలని గుండ్రటి అంకెలు చెబుతాను: సొంత జట్టు మీద 40,000 పౌండ్లు, బయటి జట్టు మీద 10,000. సొంత జట్టు గెలిస్తే కంపెనీకి 26,800 నష్టం, ఓడితే 31,200 లాభం. మా బామ్మర్ది సిద్ధాంతం ప్రకారం ఇక్కడ మేం కంగారుపడి సొంత జట్టు రేటు 1.80కి కొట్టి, బయటి జట్టుకు 2.02 ఇచ్చి, అవతలికి డబ్బు లాగాలి. అలా చెయ్యలేదు. ఎందుకంటే మార్జిన్ తీసేసి చూస్తే, అప్పటి రేట్ల ప్రకారం బయటి జట్టు అసలు ధర 1.98. దానికి 2.02 ఇస్తే ఆ 300 పౌండ్ల మనిషిలాంటివాళ్లు పరిగెత్తుకొచ్చి ఎత్తుకుపోతారు, రెండు శాతం మేమే వాళ్లకు దానం చేసినట్టు. రేటు అలాగే ఉంచితే, వచ్చిన పందేలు ఎంత ఒక్క దిక్కే ఉన్నా, సగటున ఆ మ్యాచ్ మీద 2,500 పౌండ్ల దాకా లాభమే మిగులుతుంది. ఒక్క మ్యాచ్‌లో టెన్షన్ ఉంటుంది, నిజమే, కానీ ఇలాంటి మ్యాచ్‌లు వందల కొద్దీ ఉంటాయి కాబట్టి అది సర్దుకుంటుంది.

అలాగని లయబిలిటీకి, అంటే ఒక జట్టు గెలిస్తే కంపెనీ పోగొట్టుకునే మొత్తానికి, హద్దు లేకుండా ఉండదు. ఆ మ్యాచ్‌కు మా హద్దు 30,000, మేం దానికి దగ్గర్లో ఉన్నాం. అప్పుడు చేసే పని ఎక్స్ఛేంజ్‌లో, అంటే పందెం కాసేవాళ్లు ఒకరితో ఒకరు కాసుకుని నిర్వాహకుడికి కమీషన్ ఇచ్చే చోట, మేమే పందెం కాయడం. అక్కడ సొంత జట్టుకు 2.00 దొరికింది, 10,000 పెట్టాం. సొంత జట్టు గెలిస్తే నష్టం కమీషన్ పోను 17,000కి దిగుతుంది, ఓడితే లాభం 21,200కి తగ్గుతుంది. దీనికి సగటున పడే ఖర్చు సుమారు 200 పౌండ్లు, బీమా కట్టినట్టే అనుకోవచ్చు. బోర్డు మీద రేటు చెడగొట్టుకోవడం కన్నా ఇది చౌక. మ్యాచ్ ఎవరు గెలిచారని మా వాడు అడిగాడు గానీ ఈ లెక్కకు దానితో పని లేదు.

ఎప్పుడూ ఇంతే అని కాదు. ఒక జట్టు మీద జనం ఎగబడతారని ముందే తెలిస్తే దాని రేటు మొదటి నుంచే కాస్త తక్కువగా పెట్టే కంపెనీలున్నాయి. కానీ ఆ తేడా సాధారణంగా మార్జిన్ కన్నా చిన్నది. అందుకే "జనానికి ఉల్టా" అని కళ్లు మూసుకుని పెడితే, ఆ తేడా కలిసొచ్చినా మార్జిన్ మింగేస్తుంది.

మరి పందెం కాసేవాడికి నిజంగా పైచేయి ఉందా లేదా ఎలా తెలుస్తుంది? గెలుపోటముల లెక్కతో త్వరగా తేలదు, యాభై అరవై పందేల్లో అదృష్టమే ఎక్కువ మాట్లాడుతుంది. మా డెస్క్‌లో చూసేది క్లోజింగ్ రేటు, అంటే మ్యాచ్ మొదలయ్యే ముందు చివరిగా ఉన్న రేటు. అప్పటికి వార్తలు, తెలివైనవాళ్ల డబ్బు అన్నీ అందులో కలిసిపోయి ఉంటాయి. ఆ 300 పౌండ్ల మనిషి 2.07కి కొన్నాడు, మార్జిన్ తీసేసిన క్లోజింగ్ ధర 1.98, కాబట్టి అతనికి నాలుగున్నర శాతం మిగులు, జట్టు ఓడినా సరే. అదే జట్టును మ్యాచ్‌కు ముందు 1.88కి కొన్నవాడికి ఐదు శాతం లోటు, జట్టు గెలిచినా సరే. ఇద్దరూ ఒకే జట్టును నమ్మారు, తేడా అంతా ఎప్పుడు ఏ రేటుకు అన్నదే. ఊళ్లో ఫోన్ మీద రేటు చెప్పే బుకీ దగ్గరైతే ఈ పోల్చిచూసుకోవడానికి కూడా దిక్కులేదు. వాడు చెప్పిందే రేటు, వాడు ఇస్తేనే డబ్బు.

ఇంకో సంగతి మా వాడికి అస్సలు నచ్చలేదు. అలా పదేపదే ముందుగా పట్టుకునేవాడి ఖాతాకు కంపెనీ లిమిట్ కోసేస్తుంది. మామూలు కస్టమర్‌కు వెయ్యి పౌండ్లు తీసుకునే చోట అతనికి స్క్రీన్ మీద పది పౌండ్లు మాత్రమే చూపిస్తుంది. "అంటే గెలిచేటోన్ని ఆడనియ్యరన్నట్టు" అన్నాడు. పూర్తిగా ఆపరు. ఆ పది పౌండ్లు ఎటు పెడుతున్నాడో చూసి రేటు మార్చుకుంటారు.