సింకు చుట్టూ సిలికాన్, గోడ పగులుకి యాక్రిలిక్: అమలాపురం ఇంట్లో నాలుగు ఆదివారాలు

మే ఆఖరి ఆదివారం

రాజమండ్రి నుంచి రావులపాలెం మీదుగా ఇంటికి వచ్చేసరికి అమ్మ సింకు కింద అల్మరా ఖాళీ చేసి, లోపల పాత తువ్వాలు పరిచి ఉంచింది. వంటగట్టు గ్రానైటుకి, గోడ టైల్సుకి మధ్య సందులోంచి నీళ్లు దిగి చెక్క ఉబ్బిపోయింది. సందులో ఉన్న తెల్లటి సీలెంటు అంచుల్లో నల్లగా బూజు పట్టి, గోరు పెడితే పాత సున్నంలా ఊడి వచ్చింది.

ఇది పోయినేడు మేస్త్రీ వేసింది. అదే ట్యూబుతో, అదే రోజు, పడకగది కిటికీ ఫ్రేముకి లోపలి గోడకి మధ్య కూడా వేశాడు. అక్కడ చూస్తే ఏ లోపమూ లేదు, పైన వేసిన రంగు కూడా చెదరలేదు. ఒకే సరుకు ఒక చోట నిలిచి, ఇంకో చోట ఎందుకు పాడైందో తేల్చుకున్నాకే కొత్త ట్యూబు కొనాలనుకున్నాను.

ముందు అది ఏ రకమో చూశాను. తడి గుడ్డ పావుగంట అదిమి ఉంచితే మెత్తబడింది. అంటే యాక్రిలిక్. సిలికాన్ అయితే నీళ్లకు మెత్తబడదు, రబ్బరులా సాగుతుంది, దాని మీద రంగు వేస్తే చుక్కలు చుక్కలుగా విడిపోతుంది. యాక్రిలిక్ నీళ్లతో కలిపి చేసిన సరుకు, అందులోని నీరు ఆవిరైతేనే గట్టిపడుతుంది. కాబట్టి అది ఎండిన చోట రంగును పట్టుకుంటుంది. రోజంతా తడిగా ఉండే చోట మాత్రం మళ్లీ మెత్తబడి పట్టు వదిలేస్తుంది. మేస్త్రీ పనితనంలో లోపం లేదు, తప్పల్లా సింకు దగ్గర ఆ సరుకు ఎంచుకోవడంలోనే ఉంది.

జూన్ మొదటి ఆదివారం

హార్డ్‌వేర్ కొట్టులో సిలికాన్ అడిగితే, "ఆయ్, ఇది తీసుకోండి, చవక" అని ఒక ట్యూబు ఇచ్చారు. మూత తీసి చూస్తే వెనిగర్ వాసన వేసింది. గట్టిపడేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం వదిలే రకం అది. గాజుకీ, మెరుపు టైల్సుకీ బాగానే అతుకుతుంది. కానీ సిమెంటు ప్లాస్టరింగ్‌లో ఉండే సున్నంతో ఆ ఆమ్లం కలిసి పట్టు పోతుంది. ఇత్తడి, రాగి, అద్దం వెనక పూత కూడా దెబ్బతింటాయి. మాకు గ్రానైటు, సిమెంటు రెండూ ఉన్నాయి కాబట్టి న్యూట్రల్ రకం, బూజు పట్టకుండా మందు కలిపినది, 280 మిల్లీలీటర్ల ట్యూబు తీసుకున్నాను. ధర ఎక్కువైనా ఇక్కడ ఇదే సరైనది.

పాతది తీయడానికే రెండు గంటలు పట్టింది. వేడి నీళ్లలో ముంచిన గుడ్డ పెట్టి మెత్తబరిచి, బ్లేడుతో గీకి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. పైకి ఆరినట్టు కనిపించినా సందు లోపల తడి ఉంటుందని రాత్రంతా ఫ్యాను పెట్టి ఉంచాను. అందుకే ఆ వారం సోమవారం సెలవు పెట్టాను. తెల్లారి టిష్యూ కాగితాన్ని మడిచి సందులోకి తోస్తే పొడిగానే బయటికి వచ్చింది.

తర్వాత సందుకి రెండు వైపులా మాస్కింగ్ టేపు అంటించి, నాజిల్‌ను సందు వెడల్పుకి తగ్గట్టు ఏటవాలుగా కోసి, మూడు మీటర్ల పొడవునా ఆపకుండా పూశాను. వేలికి సబ్బు నీళ్లు రాసుకుని ఒక్కసారి లాగి, పైపొర కట్టకముందే టేపు తీసేశాను. ఆలస్యమైతే టేపుతో పాటు అంచు కూడా లేస్తుంది. సిలికాన్ గాలిలోని తేమతోనే గట్టిపడుతుంది, రోజుకి 2 నుంచి 3 మిల్లీమీటర్ల లోతు వరకు. అందుకే ఒక రోజంతా కుళాయి ముట్టవద్దని అమ్మకి చెప్పాను. ఆ రోజు గిన్నెలు పెరట్లో బోరింగు దగ్గర తోమింది.

జూన్ మూడో ఆదివారం

ఇవాళ పడకగది కిటికీ బయటి వైపు. మాది నల్లరేగడి నేల. ఎండాకాలం బీటలు వారి, వానలకు ఉబ్బుతుంది. దానితో గోడకీ అల్యూమినియం ఫ్రేముకీ మధ్య సందు వెడల్పు మారుతూ ఉంటుంది. కొలిస్తే 8 మిల్లీమీటర్లుంది. సీలెంటు రెండు పక్కల గోడలకే అంటాలి, అడుగున అంటకూడదు. మూడు వైపులా అతుక్కుంటే సాగలేక మధ్యలో చినుగుతుంది. అందుకని 10 మిల్లీమీటర్ల ఫోమ్ తాడు లోపలికి నొక్కి, దాని మీద 4 మిల్లీమీటర్ల లోతు మాత్రమే న్యూట్రల్ సిలికాన్ పూశాను. కిటికీ నాలుగడుగులు చదరం, చుట్టుకొలత సుమారు 4.9 మీటర్లు. లెక్క చూస్తే దాదాపు 157 మిల్లీలీటర్లు అవుతుంది, అంటే ట్యూబులో సగం దాటి.

ఫ్రేము అడుగు పట్టాలో నీరు బయటికి పోవడానికి చిన్న రంధ్రాలు ఉంటాయి. మా ఇంట్లో వాటిలో రెండు ఇదివరకే సీలెంటుతో మూసుకుపోయి ఉన్నాయి. అందుకే వానొస్తే నీళ్లు పట్టా నిండి గదిలోకి పొర్లేవి. వాటిని మేకుతో తెరిచాను. కిటికీ నీళ్లు లోపలికి వస్తుంటే కొత్త సీలెంటు పెట్టే ముందు ఈ రంధ్రాలు చూడండి.

అదే గదిలో మరో కిటికీ లోపలి వైపు ఫ్రేము చుట్టూ వెంట్రుకవాసి పగుళ్లు ఉన్నాయి. అక్కడ యాక్రిలిక్ వేశాను. దాని మీదే రంగు వెయ్యాలి, సిలికాన్ మీద రంగు నిలవదు. పైగా అక్కడ నీళ్లు నిలవవు, కదలికా తక్కువే. ఒక ఇబ్బంది మాత్రం మన దగ్గర ఎక్కువ. జూన్‌లో గాలి అంతా తేమే కాబట్టి సిలికాన్‌కి అది సాయపడుతుంది, యాక్రిలిక్ మాత్రం ఆరనే ఆరదు. ఫ్యాను పెట్టినా మూడు రోజులకి కానీ లోపలి దాకా గట్టిపడలేదు. నీరు పోయాక కుంగి మధ్యలో చిన్న గాడి పడింది. రెండో పూత వేశాకే రంగు వేశాం. ఇదే పని బయట వైపు చేసి ఉంటే మొదటి వానకే తెల్లటి చారలుగా కారిపోయేది.

జూలై రెండో ఆదివారం

మూడు వారాలు వానలు కురిశాయి. కిటికీ లోపల చుక్క నీరు లేదు. సింకు దగ్గర టిష్యూ పెట్టి చూశాను, ఎడమ మూలన ఒక జానెడు చోట తడి తగిలింది. గోరుతో లాగితే పూత సన్నని పట్టీలా లేచింది. వెనక చూస్తే పాత యాక్రిలిక్ పొర గ్రానైటుకి అంటుకుని ఉంది. మూలల్లో గీకడం చాల్లేదు. అంత మేర కోసేసి, గ్రానైటు మెరుపు కనిపించేదాకా గీకి, తుడిచి, ఆరబెట్టి మళ్లీ పూశాను. పక్కనున్న పాత సిలికాన్‌కి కొత్తది గట్టిగా అతకదు కాబట్టి అతుకు మూలలో కాకుండా తిన్నటి భాగంలో పడేలా కోశాను.

తర్వాతిది బాత్రూం. వాష్ బేసిన్ వెనక సందుకి, కమోడ్ అడుగుకి సిలికానే. కమోడ్ చుట్టూ పూర్తిగా మూయను, వెనక వైపు రెండంగుళాలు వదిలేస్తాను. లోపల పైపు దగ్గర కారుతుంటే ఆ సందులోంచి నీరు బయటికి కనిపిస్తుంది. అన్ని వైపులా మూసేస్తే టైల్సు కింద నానుతున్నా మనకి తెలియదు.