కంపెనీ లా బిట్లు: నన్ను ముంచిన క్యాపిటల్ క్లాజ్

నిన్న సాయంత్రం కోచింగ్ సెంటర్ మాక్ టెస్టు మార్కులు వచ్చాయి. కంపెనీ లాలో 30 బిట్లకు నాకు 28. పోయిన నెల ఇదే పోర్షన్‌లో 17 తెచ్చుకున్నాను కాబట్టి, ఈ సంతోషం ఇంకా పచ్చిగా ఉండగానే రాస్తున్నాను.

షేర్లు, డిబెంచర్ల బిట్లు నన్నెప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. షేరున్నవాడు సభ్యుడు, డిబెంచరున్నవాడు అప్పిచ్చినవాడు. ఇది పట్టుకుంటే ఓటు, డివిడెండు, వడ్డీ అన్నీ తేలిపోతాయి. వంద రూపాయల డిబెంచర్‌ను 90కి ఇవ్వొచ్చు. షేరును అలా ఇవ్వకూడదని సెక్షన్ 53 చెబుతుంది, స్వెట్ ఈక్విటీ, రుణ పునర్వ్యవస్థీకరణ కింద అప్పును షేర్లుగా మార్చి అప్పిచ్చినవాళ్లకు ఇచ్చేవి మాత్రమే మినహాయింపు.

నన్ను ముంచింది మెమోరాండం బిట్. ఒక కంపెనీ ఆథరైజ్డ్ క్యాపిటల్ 10 లక్షలు, దాన్ని 25 లక్షలకు పెంచాలి. పెంచుకునే అధికారం ఆర్టికల్స్‌లో ఉంది. మీటింగ్‌లో అనుకూలంగా 28 ఓట్లు, వ్యతిరేకంగా 12. తీర్మానం నెగ్గిందా?

క్యాపిటల్ క్లాజ్ ఉండేది మెమోరాండంలో. మెమోరాండం మార్చాలంటే స్పెషల్ రిజల్యూషన్, అంటే వ్యతిరేక ఓట్లకు కనీసం మూడు రెట్లు రావాలి. 36 కావాలి, 28 చాలవు. ఓడిపోయిందని పెట్టాను. సార్ నన్ను క్లాసులో లేపి నిలబెట్టి, "బేర్ యాక్ట్ ఎప్పుడైనా తెరిచావా అమ్మా?" అన్నారు. అరవై మంది నవ్వారు. ఆయన ఇచ్చిన నోట్సులోనే "మెమోరాండం మార్పు: స్పెషల్ రిజల్యూషన్" అని ఉంది, ఇంకేమీ లేదు. ఆ మాట నా నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఆ రాత్రి అన్నం సయించలేదు.

హాస్టల్‌కొచ్చి 2013 చట్టం తెరిచాను. సెక్షన్ 13 మొదలయ్యేదే "సెక్షన్ 61లో చెప్పింది మినహా" అనే అర్థంతో. 61 చూస్తే, ఆర్టికల్స్ అధికారమిస్తే షేర్ క్యాపిటల్‌ను జనరల్ మీటింగ్‌లో పెంచుకోవచ్చు. స్పెషల్ రిజల్యూషన్ అనే మాటే అక్కడ లేదు, కాబట్టి ఆర్డినరీ చాలు. 12 కంటే 28 ఎక్కువ, నెగ్గినట్టే.

అదే ఆర్టికల్స్‌లో ఆ అధికారం లేకపోతే? ముందు సెక్షన్ 14 కింద ఆర్టికల్స్ మార్చాలి. దానికి స్పెషల్ రిజల్యూషన్ తప్పదు, 28 ఓట్లతో అది కాదు. అవే ఓట్లు, జవాబు మాత్రం తలకిందులు. మెమోరాండం ఒకవైపు, ఆర్టికల్స్ ఒకవైపు గీత గీసి బట్టీ పట్టించే టేబుళ్లను నేను చింపేశాను. ఈ బిట్ ఆ రెండింటి మధ్యే ఉంటుంది. ప్రశ్నలో ముందు ఆర్టికల్స్ ఏమన్నాయో వెతకండి, ఓట్లు తర్వాత లెక్కపెట్టండి.

నిన్నటి టెస్టులో అదే బిట్ తిప్పి ఇచ్చారు. ఈసారి ఆర్టికల్స్‌లో అధికారం లేదు. నేను "చెల్లదు" అని పెట్టాను, కీలో "చెల్లుతుంది" అని ఉంది. బేర్ యాక్ట్ పట్టుకుని స్టాఫ్ రూముకెళ్లి సార్ ముందు తెరిచాను. ఆయన రెండుసార్లు చదివి, పెన్ను తీసి కీ దిద్దారు. 27 కాస్తా 28 అయింది.