వంద కంటే తగ్గలేదు కదా సిస్టర్

పదకొండున్నర. ఇంట్లో అందరూ పడుకున్నారు, చిన్నది మళ్ళీ నా దుప్పటి లాక్కుంది. నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు. సాయంత్రం నుంచి ఒకే మాట చెవిలో మోగుతోంది: "వంద కంటే తగ్గలేదు కదా సిస్టర్."

అన్నది మా ఆసుపత్రిలో పెద్దక్క. మా వార్డులో పదిహేనేళ్ళుగా నర్సులకి అసిస్టెంటుగా చేస్తోంది. ఆవిడ గురించి ఇదివరకు ఎంతో గొప్పగా రాశాను. ఇవాళ అదంతా కొట్టేయాలనిపించేంత కోపం వచ్చింది.

ఏడో బెడ్ పేషెంటు పొట్ట ఆపరేషన్ అయి నాలుగింటికి వార్డుకొచ్చాడు. అరగంటకోసారి పల్స్, బీపీ, శ్వాస చూడాలి. డ్యూటీలో నలుగురం. సీనియర్ స్టాఫ్ నర్సు అవతలి వైపు ఇంజెక్షన్లతో ఉంది. కొత్తమ్మాయి వచ్చి నాలుగు నెలలైంది. నేనేమో ఇన్‌ఛార్జిని. "అక్కా, ఏడో బెడ్ కాస్త చూస్తూ ఉండు, ఏమైనా తేడా వస్తే చెప్పు" అనేసి వెళ్ళిపోయాను.

ఐదూ నలభైకి ఏదో కాగితం కోసం అటు వెళ్తూ చార్టు చూశాను. నాలుగింటికి పల్స్ 84, బీపీ 134/82. నాలుగున్నరకి 92, 126/80. ఐదింటికి 104, 116/78. ఐదున్నరకి 114, 106/76. శ్వాస నాలుగుసార్లూ 18.

విడివిడిగా చూస్తే ఏ బీపీ అంకె చూసినా కంగారు పుట్టదు. వరసగా చదివితే కాళ్ళు చల్లబడ్డాయి. పై బీపీ దిగుతోంది, కింది బీపీ పెద్దగా కదలడం లేదు, రెండింటి మధ్య తేడా 52 నుంచి 30కి వచ్చేసింది, పల్స్ ఎక్కుతోంది. లోపల రక్తం పోతుంటే, ఒళ్ళు ఎలాగోలా నెట్టుకొస్తున్నప్పుడు కనిపించే వరస ఇది. పక్కన నిలబడి నిమిషం పాటు లెక్కపెడితే శ్వాస 26. మనిషి అరవై కిలోలుంటాడు, అంటే గంటకి కనీసం 30 మిల్లీలీటర్ల మూత్రం రావాలి. గంటన్నర దాటినా సంచిలో 25 కూడా లేదు.

సర్జన్‌ని పిలిచాం, ఆక్సిజన్, సెలైన్, రక్తం కోసం పరుగులు, మళ్ళీ థియేటర్. ఒక రక్తనాళం ముడి జారిందట, కట్టేశారు. రాత్రి ఫోన్ చేస్తే బాగున్నాడన్నారు. ఆ సంతోషం ఫోన్ పెట్టేసేదాకానే ఉంది.

థియేటర్‌కి పంపాక పెద్దక్కని నిలదీశాను. పల్స్ 114 రాసి నాకెందుకు చెప్పలేదని అడిగితే అప్పుడు అన్న మాట అది. చేతకానితనాన్ని అంత నిబ్బరంగా చెబుతోందేమిటా అని ఒళ్ళు మండిపోయింది. ఇంటికొచ్చి మా ఆయన మీద కూడా అరిచాను, పాపం ఆయనకేం తెలుసు.

అక్కడిదాకా ఆవిడదే తప్పని రాద్దామని కూర్చున్నాను. టైపు చేస్తుంటే గుర్తొచ్చింది, ఆ వంద నేనిచ్చిందే. ఎప్పుడో, వారం రోజులుగా కుదురుగా ఉన్న పేషెంట్ల గురించి, "పై బీపీ వంద కంటే తగ్గితే పిలువు" అన్నాను. ఆవిడ ఆ మాటని అక్షరాలా పట్టుకుంది. 106 వంద కంటే తక్కువ కాదు మరి. "ఏమైనా తేడా వస్తే" అన్నది అసలు సూచనే కాదు. ఏది తేడా అనేది చూసి తేల్చడం నా పని. ఆ పని కూడా చెప్పకుండా ఆవిడ నెత్తిన పెట్టేశాను.

పని అప్పగించడానికి అయిదు సరిచూడమని మాకు చదువులోనే చెబుతారు: సరైన పని, సరైన పరిస్థితి, సరైన మనిషి, సరైన సూచన, సరైన పర్యవేక్షణ. బీపీ చూడటం ఆవిడకు తగిన పనే, ఆవిడ తగిన మనిషే. కానీ థియేటర్ నుంచి వచ్చి గంటైనా కాని మనిషి ఇంకా కుదురుకున్నవాడు కాదు. అంకెలు తీసుకోవడం అప్పగించవచ్చు, వాటిని ముందటి అంకెల పక్కన పెట్టి అర్థం చెప్పడం అప్పగించకూడదు. అంటే ఆవిడ రాసిన ప్రతిసారీ నేనో, సీనియరో ఒక చూపు చూడాలి. అర నిమిషం పని.

ఆ టైములో నేనెక్కడున్నాను? కొత్తమ్మాయి వెనకాల. పొటాషియం డ్రిప్ మొదలుపెడుతోంది. అది ప్రమాదకరమైన మందే, ఇద్దరు కలిసి సరిచూడాలి: పేషెంటు పేరు, మోతాదు, ఎంత సెలైన్‌లో కలిపారు, పంపులో ఎంత వేగం పెట్టారు. అయిదు నిమిషాల్లో అయిపోయింది, అన్నీ సరిగ్గానే చేసింది. నేను మాత్రం ఇరవై అయిదు నిమిషాలు అక్కడే నిలబడ్డాను. ఆ పిల్ల చేతులు వణికింది మందుకి కాదు, నాకు. పర్యవేక్షణ అంతా నా టెన్షన్ ఉన్నచోటికి పోయింది, పేషెంటుకి ప్రమాదం ఉన్నచోటికి పోలేదు.

నా మొదటి ఏడాదిలో ఒక హెడ్ సిస్టర్ ఉండేవారు. నాచేత మొదటిసారి రక్తం ఎక్కించినప్పుడు సంచి మీద నంబరు, గ్రూపు, పేషెంటు చేతిపట్టీ నాతోపాటు పైకి చదివారు. "మొదటి పదిహేను నిమిషాలు నెమ్మదిగా పోనీ. నువ్వు కదలకు. చలి, జ్వరం, నడుం నొప్పి, వీటిలో ఏ ఒక్కటి అన్నా ముందు క్లాంప్ వెయ్యి, తర్వాత కేక వెయ్యి. ఏం చేస్తావో చెప్పు" అన్నారు. తడబడుతూ చెప్పాను. "మళ్ళీ చెప్పు." రెండోసారి సరిగ్గా చెప్పాక వెళ్ళిపోయారు. నా ప్రాణం పోయింది, ఈవిడ నన్ను వదిలేసిందేమిటా అని. గోడ గడియారం కేసి చూస్తూ కూర్చున్నాను. సరిగ్గా పదిహేను నిమిషాలకి చెప్పుల చప్పుడు. "అంతా బాగానే ఉందా?" అని అడగలేదు. "చూపించు" అన్నారు. నేను రాసిన పల్స్, ఆవిడ పట్టుకున్న పల్స్ సరిపోయాయి. తల ఊపి మళ్ళీ వెళ్ళిపోయారు. ఆ రోజు ఆవిడ మీద ఎంత విసుక్కున్నానో! వదిలేసినందుకు కొంత, తిరిగొచ్చి పరీక్ష పెట్టినందుకు కొంత.

కానీ నేరమంతా నా మీద వేసుకోవడం కూడా నాకు నచ్చడం లేదు. ఆ నాలుగు 18ల మాటేమిటి? పల్స్ అంతలా మారుతుంటే శ్వాస 18 దగ్గరే కూర్చోదు. లెక్కపెట్టలేదు, ముందు గడిలోది చూసి రాసేసింది. దానికి నా సూచన కారణం కాదు. అయితే ఈ వార్డులో చార్టులన్నింట్లోనూ 18, 20 తప్ప వేరే అంకె ఉండదని నాకు తెలియదా? తెలిసి ఎన్నిసార్లు సంతకం పెట్టాను? సరే, ఇది సగం సగం.

రేపటికి ఫోన్‌లో రాసి పెట్టుకున్నాను: "అక్కా, ఆపరేషనయి వచ్చినవాళ్ళకి పల్స్ 100 దాటినా, పై బీపీ మొదటిదానికంటే 20 తగ్గినా, నిమిషం నిండా లెక్కపెట్టిన శ్వాస 20 దాటినా, రాయకముందే నన్ను పిలువు. ఏం చేస్తావో ఒకసారి చెప్పు." ఆ చివరి మాట పదిహేనేళ్ళ అనుభవం ఉన్న మనిషిని ఎలా అడగాలో తెలియడం లేదు. ఇవాళ వెళ్ళేటప్పుడు ఆవిడ నాకు చెప్పకుండానే వెళ్ళిపోయింది.