గైడు ఎప్పుడు తెరవాలి?

మా గణితం మాస్టారు కఠినమైన లెక్క ఇచ్చినప్పుడు, ఎంతసేపు ప్రయత్నించాక గైడు చూడవచ్చో గడియారాన్ని బట్టి చెప్పేవారు కారు, మా రఫ్ నోటును బట్టి చెప్పేవారు. తాజా పేజీలో అంతకు ముందు పేజీలో లేని సంగతి ఒక్కటైనా ఉంటే ఇంకా కూర్చోమనేవారు. చేసిన పనే మళ్లీ మళ్లీ కనిపిస్తే తెరవమనేవారు. నేను కూడా ఇప్పుడు పిల్లలకు లెక్కలు చెబుతూ ఈ పద్ధతినే పాటిస్తున్నాను కనుక, ఆయన ఇచ్చిన లెక్కతోనే దానిని వివరిస్తాను.

n అనే సహజ సంఖ్య 1 కంటే పెద్దదైతే n⁴+4 ప్రధాన సంఖ్య కాదని నిరూపించాలి. n సరి సంఖ్య అయితే మొత్తం 4తో భాగింపబడుతుంది. n బేసి సంఖ్య అయి, 5 గుణిజం కాకపోతే n⁴ చివరి అంకె 1, దానికి 4 కలిపితే చివర 5 వస్తుంది కాబట్టి ఆ భాగమూ తేలిపోతుంది. ఇక మిగిలినవి 5, 15, 25 వంటివి మాత్రమే. ఇక్కడే చాలామంది ఆగిపోతారు. 15 పెడితే 50629 వస్తుంది. దానిని 3తో, 7తో, 11తో భాగించుకుంటూ పోయే విద్యార్థి ఎంతసేపు కూర్చున్నా నోటులో అంకెలు పెరుగుతాయే గాని ఆలోచన పెరగదు.

అదే సమయంలో మరొకరు చిన్న విలువల కారణాంకాలను వరుసగా రాసుకున్నారనుకుందాం: 3కు 5×17, 5కు 17×37, 7కు 37×65. ఒక వరుసలోని పెద్ద కారణాంకమే తరువాతి వరుసలో చిన్నదిగా వస్తున్నది. పైగా 5, 17, 37, 65 అన్నీ 2, 4, 6, 8 వర్గాలకు 1 కలిపితే వచ్చేవే. ఈ పట్టిక చేతికందిన వారు గైడు ముట్టుకోకూడదు, ఎందుకంటే కారణాంకాలు (n−1)²+1, (n+1)²+1 అని ఊహించి, గుణించి సరిచూసుకోవడమే మిగిలింది.

భాగహారాల్లో చిక్కుకున్నవారు మాత్రం తెరవాలి, అయితే మొదటి పంక్తి వరకే. మిగతాది కాగితంతో కప్పి ఉంచాలి. "4n² కలిపి, తీసివేయండి" అన్న ఆ ఒక్క మాటతో (n²+2)²−(2n)² వస్తుంది, అక్కడి నుంచి దారి తెలిసినదే. పరిష్కారానికి అవసరమైన సిద్ధాంతమే ఇంకా చదువుకోని పక్షంలో మాత్రం ఈ నియమం పనిచేయదు. అప్పుడు చూడవలసింది గైడును కాదు, పాఠాన్ని.

చూసిన తరువాత పుస్తకం మూసి n⁴+64ను చేయమనేవారు. అక్కడ 16n² కలపాలని తోస్తే కిటుకు అర్థమైనట్టే. ఆ వెంటనే n⁴+9 ఇచ్చేవారు. అక్కడ కలపవలసిన 6n² పూర్ణ వర్గం కాదు, కాబట్టి కిటుకు సాగదు. n విలువ 10 అయితే వచ్చే 10009 నిజంగానే ప్రధాన సంఖ్య.