సాండ్‌విచ్ ఏ వరుసలో రాయాలి?

పోయిన వేసవిలో మా అన్నయ్య కూతురు స్కూలు ప్రాజెక్టు పట్టుకొచ్చింది. మనుషుల పేర్లనుంచీ ఊళ్ల పేర్లనుంచీ పుట్టిన మాటలు వెతికి, వర్గాలుగా విడదీయాలి. "బాబాయ్, ఇరవై మాటలు చాలు" అంది. ఇరవై మాటలు ఒక్క సాయంత్రంలో దొరికాయి. విడదీయడానికి మాత్రం మూడు వారాలు పట్టింది.

మొదట నోటుబుక్కులో రెండు వరుసలు గీశాం: మనిషి, ఊరు. రుడాల్ఫ్ డీజిల్ ఇంజను తయారుచేశాడు కాబట్టి డీజిల్ మనిషి వరుసలోకి వెళ్లింది. ఇటలీలోని జెనోవా రేవు పేరునుంచి వచ్చిన జీన్స్ ఊరి వరుసలోకి వెళ్లింది. సాండ్‌విచ్ దగ్గర ఆగిపోయాం. ఇంగ్లండులో కెంట్ ప్రాంతంలో శాండ్‌విచ్ అనే ఊరుంది. ఆ ఊరి పేరు ఒక జమీందారీ బిరుదైంది. ఆ బిరుదున్న జాన్ మాంటేగ్ రొట్టెల మధ్య మాంసం పెట్టించుకుని తినేవాడని ఆ తిండికి ఆ పేరొచ్చింది. 1762లోనే ఎడ్వర్డ్ గిబ్బన్ తన డైరీలో ఈ మాట రాశాడు. ఊరు మనిషికి పేరిస్తే, మనిషి తిండికి ఇచ్చాడన్నమాట. రెండు వరుసల్లో ఏది రాసినా సగమే నిజం.

బాయ్‌కాట్ ఇంకో చిక్కు తెచ్చింది. 1880లో ఐర్లండులోని మేయో ప్రాంతంలో చార్లెస్ బాయ్‌కాట్ ఒక జమీందారు తరఫున కౌలు వసూలు చేసేవాడు. కౌలు తగ్గించమన్న రైతులను ఖాళీ చేయించబోయాడు. ఊరంతా కట్టుబడి అతనికి పని చేయడం మానేసింది. దుకాణాల్లో సరుకులు అమ్మలేదు. పంట కోయడానికి వేరే ప్రాంతంనుంచి యాభై మందిదాకా మనుషులు వస్తే, వాళ్లకు సైన్యం కాపలా ఉండాల్సి వచ్చింది. ఆ ఏడాదే అతని పేరు పత్రికల్లో క్రియగా మారింది. డీజిల్ తాను చేసినదానికి పేరిచ్చాడు. బాయ్‌కాట్ పేరు మాత్రం ఇతరులు తనకు చేసినదానికి నిలిచింది. ఇద్దరినీ ఒకే వరుసలో పెట్టడానికి నాకు మనసొప్పలేదు.

అందుకని ఆ పేజీ కొట్టేసి, వేరే ప్రశ్నతో మొదలుపెట్టాం: ఆ పేరుకూ ఆ వస్తువుకూ ఉన్న సంబంధం ఏమిటి? తయారుచేసినవాడా, వాడినవాడా, ఆ పని ఎవరిమీద జరిగిందో అతనా? ఊరైతే, ఆ వస్తువు అక్కడ పుట్టిందా, లేక అక్కడినుంచి అమ్ముడుపోయిందా?

మధ్యలో అమ్మాయి "కాటన్ బట్ట కాటన్ దొర పేరుమీద వచ్చిందా?" అని అడిగింది. మంచి ప్రశ్న. ఇలాంటివి తేల్చడానికి తేదీలు చూడాలి. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలైంది 1847లో. ఆర్థర్ కాటన్ పుట్టింది 1803లో. బట్టకు వాడే మాటేమో అరబ్బీనుంచి యూరప్‌కు చేరి, ఇంగ్లీషులో పధ్నాలుగో శతాబ్దానికే ఉంది. మనిషి పుట్టకముందే మాట ఉంటే, ఆ కథ ఎంత బాగున్నా కొట్టేయాల్సిందే. అలా మా జాబితాలో నాలుగు మాటలు పోయాయి.

తెలుగు మాటల దగ్గరికొచ్చాక నాకు అసలు ఉత్సాహం పుట్టింది. బంగాళాదుంప పుట్టిల్లు దక్షిణ అమెరికా. అయినా దాని పేరులో ఉన్నది బంగాళం. అంటే ఊరి పేరు పుట్టుకను చెప్పదు, మనకు ఏ దారిన వచ్చిందో చెబుతుంది. ఇంగ్లీషులో గోల్కొండ అంటే తరగని సంపద అని నిఘంటువుల్లో ఉంది. కానీ వజ్రాలు తవ్వింది గోల్కొండలో కాదు, కృష్ణ ఒడ్డున కొల్లూరు లాంటి గనుల్లో. గోల్కొండ వాటిని అమ్మిన చోటు. కొల్లూరు పేరు ఏ నిఘంటువులోకీ ఎక్కలేదని రాస్తున్నప్పుడు బాధేసింది.

ఇంకో సంగతి గమనించాను. బంగాళాదుంపలో దుంప ఉంది, బొంబాయి రవ్వలో రవ్వ ఉంది. తెలుగులో వస్తువు పేరు అంత తేలిగ్గా రాలిపోదు. రాయలసీమలో చీనీ పండు చీనీ అయింది కానీ అలాంటివి తక్కువే అనుకున్నాను. అదే రోజు అమ్మ వంటింట్లోంచి "ఈసారి పండక్కి నాకో గద్వాల్ కొను నాయనా" అంది. చీర అనలేదు. జీన్స్ కూడా ఇలాగే బట్ట అన్న మాటను వదిలేసి ఉంటుంది.

మరి గద్వాల్ మాటగా మారిపోయినట్టేనా? దీనికి నేను పెట్టుకున్న పరీక్ష ఒకటే: ఇంకెక్కడో తయారైనా ఆ పేరుతోనే పిలుస్తారా? జీన్స్‌కు జెనోవాతో ఇప్పుడు పనిలేదు. గద్వాల్ చీరకు భౌగోళిక గుర్తింపు ఉంది కాబట్టి ఆ పేరు ఆ ప్రాంతపు నేతకే చెందుతుంది. అమ్మాయి పెన్నుతో రాయబోతుంటే ఆపి, ఆ ఒక్కదాన్ని పక్కన పెన్సిల్‌తో రాయమన్నాను.