గేమ్‌స్టాప్ చార్ట్‌ని ఒక్కో క్యాండిల్ తెరిచి చదివాను: షార్ట్ స్క్వీజ్ ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయింది?

మా ట్రేడింగ్ గ్రూపులో ఏ షేరు ఒక్కరోజు పది శాతం లేచినా "షార్ట్ స్క్వీజ్ రా బాబూ" అని ఎవరో ఒకరు పెట్టేస్తారు. షార్ట్ అంటే ధర పడుతుందని నమ్మి, అప్పు తెచ్చిన షేరుని ముందే అమ్మేయడం; ధర లేచి వాళ్లంతా ఒకేసారి తిరిగి కొనాల్సి వచ్చి, ఆ కొనుగోళ్లే ధరని ఇంకా పైకి తోస్తే అది స్క్వీజ్. ఆ మాట విని విని విసుగొచ్చి, అసలు స్క్వీజ్ అయితే చార్ట్‌లో ఎలా కనిపించాలో నాకు నేనే తేల్చుకుందామని కూర్చున్నాను. దానికి అమెరికాలో వీడియోగేమ్‌లు అమ్మే షాపుల కంపెనీ గేమ్‌స్టాప్‌కి 2021 జనవరిలో జరిగినదానికంటే మంచి కేసు దొరకదు, ఎందుకంటే అందులో ధర, చేతులు మారిన షేర్ల సంఖ్య అయిన వాల్యూమ్, షార్ట్ పొజిషన్ల లెక్క అన్నీ బయటే ఉన్నాయి. పద్ధతి చాలా సింపుల్. ఓపెన్, గరిష్ఠం, కనిష్ఠం, ముగింపు చూపే క్యాండిల్ రోజుకొకటి ఉండే చార్ట్ తెరిచి, కుడివైపు మొత్తం దాచేసి, ఒక్కో రోజు జరుపుతూ "ఇవాళ సాయంత్రానికి నాకు ఏం తెలుసు?" అని రాసుకుంటూ పోవడమే.

మొదలుపెట్టగానే ఒక చిక్కు వచ్చింది. గేమ్‌స్టాప్ 483 డాలర్లు తాకిందని అందరికీ తెలుసు, కానీ నా చార్ట్‌లో గరిష్ఠం 120.75 అని ఉంది. 2022 జులైలో ఆ కంపెనీ ఒక షేరుని నాలుగు చేసింది కాబట్టి ఇప్పటి చార్ట్‌లు పాత ధరలన్నిటినీ నాలుగుతో భాగించి చూపిస్తాయి. ధర వరకైతే పర్లేదు, వాల్యూమ్‌ని కూడా నాలుగింతలు చేసి చూపిస్తాయి. అసలు ముప్పు అక్కడే, ఎందుకంటే షార్ట్ ఇంటరెస్ట్, అంటే షార్ట్ కొట్టి ఇంకా తిరిగి కొనని షేర్ల అంకె మాత్రం అప్పటి రిపోర్టులో అప్పటి షేర్ల లెక్కలోనే ఉంటుంది, ఈ రెంటినీ అలాగే పక్కపక్కన పెట్టి భాగిస్తే వచ్చేదంతా తప్పే. అందుకని నేను అన్నీ పాత లెక్కలోకి మార్చుకున్నాను, కింద ఇచ్చినవి కూడా అవే.

ముందు షార్ట్ ఇంటరెస్ట్ సంగతి. 2020 డిసెంబర్ 31 నాటికి షార్ట్ కొట్టి ఉన్న షేర్లు సుమారు 7.12 కోట్లు. కంపెనీ జారీ చేసిన మొత్తం షేర్లే సుమారు 6.97 కోట్లు. ఉన్న షేర్ల కంటే షార్ట్ ఎక్కువెలా అవుతుందని చాలామంది దీన్ని మోసం అనుకుంటారు, నిజానికి లెక్క మామూలే. ఒకరి దగ్గర అప్పు తెచ్చిన షేరుని షార్ట్ సెల్లర్ అమ్ముతాడు, కొన్నవాడి బ్రోకర్ అదే షేరుని ఇంకొకరికి మళ్లీ అప్పిస్తాడు, వాడూ అమ్ముతాడు. షేరు ఒకటే, షార్ట్‌లు రెండు. ఫ్లోట్, అంటే బయట తిరిగే షేర్లు ఇంకా తక్కువ కాబట్టి, దాని మీద చూస్తే శాతం ఇంకా పైకి పోతుంది.

అంతకుముందు రోజుకి కోటి అటూ ఇటూ షేర్లు చేతులు మారేవి. అంటే షార్ట్ కొట్టినవాళ్లంతా బయటపడాలంటే, మార్కెట్‌లో ఇంకెవ్వరూ కొనకుండా వాళ్లే కొన్నా, ఏడు రోజుల పని. అందరూ ఒకే తలుపు నుంచి బయటికి రావాలి, తలుపేమో ఇరుకు. కానీ ఇది కేవలం పరిస్థితి, కదలిక కాదు. ఇలాంటి అంకెతోనే ఆ షేరు నెలల తరబడి ఉంది, ఏమీ పేలలేదు. షార్ట్ ఇంటరెస్ట్ ఎక్కువుందని మాత్రమే కొనేవాడు, షార్ట్ కొట్టినవాళ్లకి తగిన కారణమే ఉండొచ్చన్న సంగతి మర్చిపోతాడు.

కదలిక జనవరి 13న వచ్చింది. గేమ్‌స్టాప్‌లో పెద్ద వాటా ఉన్న ఇన్వెస్టర్ ర్యాన్ కోహెన్ కంపెనీ బోర్డులోకి వస్తున్నాడని 11వ తేదీనే ప్రకటించారు. 12న ముగింపు 19.95 డాలర్లు, 13న 31.40, వాల్యూమ్ 14.4 కోట్లు. మామూలు రోజు కంటే పదింతలు దాటిన వాల్యూమ్. ఇక్కడ నాకు వెంటనే వచ్చిన ఆలోచన: ఉన్న షార్ట్‌లు ఏడు కోట్లు, ఒక్కరోజే పద్నాలుగు కోట్లు తిరిగాయి, అంటే అందరూ కవర్ చేసేసుకున్నట్టే, తిరిగి కొని బయటపడినట్టే కదా? కాదు. అది ఎలా తెలుస్తుందో చెప్తాను, ఈ మొత్తం కసరత్తులో నాకు అన్నిటికంటే పనికొచ్చింది ఇదే.

అమెరికాలో షార్ట్ ఇంటరెస్ట్‌ని బ్రోకర్లని నియంత్రించే ఫిన్రా సంస్థ నెలకి రెండుసార్లు సేకరిస్తుంది, ఒకటి నెల మధ్యలో, ఒకటి నెలాఖరున. ఆ తేదీ సెటిల్‌మెంట్ తేదీ. అప్పట్లో సెటిల్‌మెంట్‌కి ట్రేడ్ తర్వాత రెండు పనిదినాలు పట్టేది, కాబట్టి జనవరి 15 నాటి అంకె అంటే జనవరి 13 వరకు జరిగిన ట్రేడ్లే. ఆ అంకె ఎంత? సుమారు 6.18 కోట్లు. అంటే 14.4 కోట్ల షేర్లు తిరిగిన ఆ రోజుని కూడా కలుపుకుంటే, డిసెంబర్ చివరి నుంచి నికరంగా తగ్గిన షార్ట్‌లు కోటి కూడా లేవు. వాల్యూమ్‌లో ఎక్కువ భాగం పొద్దున కొని మధ్యాహ్నం అమ్మేవాళ్లదే, ఒకే షేరు ఒకే రోజు ఎన్నోసార్లు తిరుగుతుంది. పైగా పాతవాళ్లు బయటపడుతుంటే కొత్తవాళ్లు పై ధరలో షార్ట్‌లోకి దిగుతారు. వాల్యూమ్ బార్ పెద్దగా ఉంటే షార్ట్‌లు కవర్ అయిపోయారనుకోవడానికి లేదు.

కానీ ఆ రిపోర్టు బయటికొచ్చేది ఇంకో వారం పైన ఆలస్యంగా. 13వ తేదీ సాయంత్రం కూర్చున్నవాడికి ఇది తెలియదు. మరి చార్ట్‌లోనే ఏదైనా సూచన ఉందా అని తర్వాతి రోజులు జరిపి చూశాను. 14 నుంచి 21 వరకు వాల్యూమ్ బాగా తగ్గింది, 20వ తేదీన అయితే మూడున్నర కోట్ల లోపుకి దిగింది. అయినా ముగింపు ధర 35 డాలర్ల కిందకి ఒక్కసారి కూడా రాలేదు. అంతలా లేచిన షేరు, జనం తగ్గిపోయాక కూడా పడటం లేదంటే, అమ్మాలనే తొందర ఎవరికీ లేదని, కిందికి వస్తే కొని బయటపడదామని చూస్తున్నవాళ్లకి ఆ అవకాశం దొరకడం లేదని నేను చదువుకున్నాను. 22న అది మళ్లీ పేలింది: 43 నుంచి 65కి, వాల్యూమ్ 19.7 కోట్లు.

ఇప్పుడు 25వ తేదీ, సోమవారం. ఈ క్యాండిల్ దగ్గర ఆగి చాలాసేపు చూశాను. 96 డాలర్ల పైన ఓపెన్, 159 దాకా ఎగబాకి, 76.79 దగ్గర ముగింపు. పైన పొడుగాటి తోక, భారీ వాల్యూమ్, ఓపెన్ కంటే బాగా కింద ముగింపు. ఏ పుస్తకం తెరిచినా "ఎగ్జాషన్", అంటే కొనేవాళ్ల అలసటకి ఈ బొమ్మే వేస్తారు. కుడివైపు దాచి ఉంచితే ఎవరైనా ఇక్కడ అయిపోయిందనే అంటారు. మర్నాడు 148, ఆ మర్నాడు 347.

మరి ఆ తోక ఎందుకు అబద్ధం చెప్పింది? వెనక్కి వెళ్లి రెండు విషయాలు గమనించాను. ఒకటి, అంత దెబ్బ తిన్నా ముగింపు శుక్రవారం నాటి 65 కంటే పైనే ఉంది, అంటే శుక్రవారం ముగింపు దగ్గర కొన్నవాళ్లు నష్టంలో లేరు, భయపడి అమ్మే పని లేదు. రెండు, వాల్యూమ్ తగ్గలేదు, 25న, 26న దాదాపు ఒకే స్థాయిలో 17.8 కోట్ల దగ్గర ఉంది. ఒక్క క్యాండిల్ ఆకారం చూసి షార్ట్‌కి దిగేవాడు ఇలాంటి చోటే కొత్త ఇంధనం అవుతాడు.

27న బొమ్మ మారింది. ధర 148 నుంచి 347కి పోయింది, వాల్యూమ్ మాత్రం 9.3 కోట్లకి, సగానికి పడింది. ధర పైకి, వాల్యూమ్ కిందికి. ఇది అలసట గుర్తే, కాకపోతే ఒక మెలిక ఉంది. షేరు ధర రెట్టింపు దాటినప్పుడు అదే డబ్బుకి సగం షేర్లే వస్తాయి కదా, కాబట్టి షేర్ల సంఖ్య తగ్గినంత మాత్రాన ఊపు తగ్గినట్టు కాదు. అందుకే వాల్యూమ్‌ని ఆ రోజు సగటు ధరతో గుణించి డబ్బులో చూశాను. రఫ్‌గా చూస్తే 27న డబ్బు 26 కంటే ఎక్కువే తిరిగింది. 28న మాత్రం షేర్లూ తగ్గాయి, డబ్బూ బాగా తగ్గింది, ధర 483 తాకి 112కి పడి 193.60 దగ్గర ముగిసింది. 22 తర్వాత రెండు కొలతలూ కలిసి తగ్గిన మొదటి రోజు అదే. ఆ రోజు కొన్ని బ్రోకరేజీలు కొనుగోళ్లు ఆపేశాయి కాబట్టి ఆ క్యాండిల్‌ని పూర్తిగా సహజమైన అలసటగా చదవకూడదు. 29న మళ్లీ 325కి లేచింది కూడా. కానీ వాల్యూమ్ 5 కోట్లే. ఫిబ్రవరి 1న 225, 2న 90.

ఇక అసలు రుజువు. జనవరి 29 సెటిల్‌మెంట్ అంకె ఫిబ్రవరి 9న బయటికొచ్చింది: సుమారు 2.14 కోట్లు. ఇందాకటి రెండు రోజుల లెక్క మళ్లీ వేయండి, ఇది జనవరి 27 సాయంత్రం నాటి పరిస్థితి. అంటే 13 తర్వాత రెండు వారాల్లో నాలుగు కోట్ల షార్ట్‌లు నికరంగా వెళ్లిపోయాయి, 483 కనిపించిన 28వ తేదీ పొద్దుటికే ఇరుక్కున్నవాళ్లలో ఎక్కువమంది బయటున్నారు. ఆ శిఖరం దగ్గర కొన్నవాడు ఎవరినో పిండుతున్నానని అనుకున్నాడు, పిండటానికి అక్కడ పెద్దగా ఎవరూ మిగల్లేదు. అమెరికా మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ సిబ్బంది 2021 అక్టోబర్‌లో ఇచ్చిన రిపోర్టు కూడా షార్ట్ కవరింగ్ మొత్తం కొనుగోళ్లలో చిన్న భాగమేనని, ధరని వారాలపాటు పైన నిలిపింది మామూలు కొనుగోలుదారుల ఉత్సాహమేనని చెప్పింది. ఇది చదివాక నా 22వ తేదీ నోట్సులో "షార్ట్‌లు పరుగెత్తుతున్నారు" అన్న వాక్యం పక్కన ప్రశ్నార్థకం పెట్టుకోవాల్సి వచ్చింది. వాళ్లూ పరుగెత్తారు, కానీ వాళ్ల వెనకాల ఇంకా పెద్ద గుంపు ఉంది, చార్ట్‌లో ఆ రెండూ విడివిడిగా కనిపించవు.

"దీన్ని మన ఎన్‌ఎస్‌ఈ మీద వాడొచ్చా" అని అడిగేవాళ్లకి: నేరుగా కుదరదు. మన క్యాష్ మార్కెట్‌లో మామూలు ట్రేడర్ కొట్టే షార్ట్ ఆ రోజే తిరిగి కొని స్క్వేర్ ఆఫ్ చెయ్యాలి, గేమ్‌స్టాప్‌లో లాగా నెలల తరబడి కుప్పపడదు. షేరు అప్పు తెచ్చుకునే ఎస్‌ఎల్‌బీ ఉంది గానీ అది చాలా చిన్నది. ఫ్యూచర్స్‌లో ఇంకా తెరిచి ఉన్న కాంట్రాక్టుల సంఖ్య అయిన ఓపెన్ ఇంటరెస్ట్‌ని చాలామంది షార్ట్ ఇంటరెస్ట్ లాగా వాడేస్తున్నారు, అందులో ప్రతి షార్ట్‌కీ ఎదురుగా ఒక లాంగ్ ఉంటుంది కాబట్టి ఆ అంకె ఒక్కటే చూసి ఎవరు ఇరుక్కున్నారో చెప్పలేం. ధర లేస్తూ ఓపెన్ ఇంటరెస్ట్ తగ్గితే షార్ట్ కవరింగ్ అని చదువుతారు, అంతవరకు పర్లేదు. మన దగ్గర నిజంగా పిండటం అంటే పొద్దున షార్ట్ కొట్టిన షేరు మధ్యాహ్నం ఆ రోజుకి అనుమతించిన గరిష్ఠ ధర, అంటే అప్పర్ సర్క్యూట్‌లో లాక్ అయిపోవడం. కొనడానికి అమ్మేవాడు ఉండడు, డెలివరీ ఇవ్వలేక పొజిషన్ ఆక్షన్‌కి పోతుంది, అక్కడ ఎక్స్ఛేంజ్ మన బదులు ఆ షేర్లు కొంటుంది, ఆ ధర ఎంతన్నది మన చేతిలో ఉండదు.